థెరపిస్ట్‌తో బాగానే కుదిరింది, కానీ డిప్రెషన్ తగ్గట్లేదు

ప్రశ్న: నాలుగు నెలలుగా డిప్రెషన్‌కి వారం వారం ఒక థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ చాలా మంచావిడ. మాట్లాడితే గుండె తేలికవుతుంది, ఇంటికొచ్చాక మళ్లీ మామూలే. ఏ రకం థెరపీ అయినా ఫలితం దాదాపు ఒకటేనని, థెరపిస్ట్‌తో ఉండే సంబంధమే అసలు మందని చదివాను. మా మధ్య సంబంధం బాగానే ఉంది కదా, మరి నాకెందుకు తగ్గట్లేదు? సంబంధమే ముఖ్యమైతే ఇన్ని పద్ధతులెందుకు, మా అమ్మమ్మతో చెప్పుకుంటే సరిపోదా?

సమాధానం:

మీరు చదివింది అబద్ధం కాదండీ. కానీ అందులో ‘సంబంధం’ అన్న మాటకి మనం ఇళ్లల్లో వాడే అర్థం వేరు, పరిశోధనలు చేసినవాళ్లు పెట్టుకున్న అర్థం వేరు. మీ ఇబ్బంది ఆ తేడాలోనే ఉందనిపిస్తోంది. నేను విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇదే పొరపాటు నేనూ చేశాను, అదీ చెబుతాను. ముందు ‘అన్నీ ఒకటే’ అనే మాట ఎక్కడిదో చూద్దాం.

1936లో సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక చిన్న వ్యాసం రాశాడు. ఒకదానితో ఒకటి పొసగని సిద్ధాంతాలు పట్టుకున్నవాళ్లంతా తమ రోగులకి నయమవుతోందనే చెబుతున్నారు, అలాంటప్పుడు నయం చేస్తున్నది ఆ సిద్ధాంతాలు కాక, అందరి దగ్గరా చెప్పకుండా ఉండిపోయిన ఉమ్మడి సంగతులేమో అని ఆయన అనుమానం. వ్యాసం మొదట్లో ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ అనే పిల్లల కథలో పరుగుపందెం అయ్యాక డోడో పక్షి చెప్పే తీర్పు పెట్టాడు: అందరూ గెలిచారు, అందరికీ బహుమతులివ్వాలి. అందుకే ఈ గొడవకి ఇప్పటికీ ‘డోడో తీర్పు’ అనే పేరు. అప్పటికది ఊహే. 1977లో మేరీ స్మిత్, జీన్ గ్లాస్ కలిసి 375 పరిశోధనల ఫలితాలను ఒక్కచోట చేర్చి లెక్క కట్టారు. థెరపీ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కంటే స్పష్టంగా మెరుగ్గా ఉన్నారని తేలింది. థెరపీల మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

లెక్కల కంటే ఒక్క పరిశోధనని దగ్గరగా చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. 1980లలో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ డిప్రెషన్ మీద ఒక పెద్ద ప్రయోగం చేయించింది. మూడు ఊళ్లలో 250 మంది రోగులను తీసుకుని, చీటీలు తీసినట్టుగా నాలుగు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి సీబీటీ. అంటే ఆలోచనల తీరుని పట్టుకుని సరిచేసే పద్ధతి. రెండో గుంపుకి ఇంటర్‌పర్సనల్ థెరపీ. అది మనుషులతో ఉన్న చిక్కుల మీద, పోగొట్టుకున్నవాళ్ల మీద పనిచేస్తుంది. మూడో గుంపుకి ఇమిప్రమిన్ అనే మందు, నాలుగో గుంపుకి అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్ర. మాత్రలు తీసుకున్న రెండు గుంపుల్లోనూ సైకియాట్రిస్ట్ వారానికోసారి అరగంట లోపు కూర్చుని, ఎలా ఉందో కనుక్కుని, ధైర్యం చెప్పి పంపేవాడు. ఆ మాత్రలో మందు ఉందో లేదో ఆయనకీ తెలియదు. మొత్తం పదహారు వారాలు.

చివరికి రెండు థెరపీల మధ్య తేడా దాదాపు లేదు. డిప్రెషన్ బాగా ముదిరినవాళ్లలో మందు ఉత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసింది. ఇది గుర్తుంచుకోండి, ‘అన్నీ ఒకటే’ అని చదివేసి రాసిచ్చిన మందులు ఆపేసేవాళ్లున్నారు. ఓ మోస్తరు డిప్రెషన్ ఉన్నవాళ్లలో మాత్రం నాలుగు గుంపులూ ఇంచుమించు ఒకే దారిలో నడిచాయి.

ఆ ప్రయోగంలో ప్రతి సెషన్‌నీ వీడియో తీశారు. ఆ తర్వాత జానిస్ క్రుప్నిక్ బృందం ఆ టేపులు ముందేసుకుని, రోగికీ వైద్యుడికీ మధ్య పని ఎలా సాగుతోందో బయటివాళ్ల చేత మార్కులు వేయించింది. 1996లో అచ్చయిన ఫలితం ఇది: ఆ మార్కులు ఎక్కువగా ఉన్నచోట రోగి బాగుపడ్డాడు, నాలుగు గుంపుల్లోనూ. ఉత్తి మాత్ర గుంపులో కూడా. ఇంకో సంగతి ఉంది, చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. ఆ మార్కుల్లో ఫలితంతో ముడిపడింది వైద్యుడు ఎంత ఆప్యాయంగా ఉన్నాడన్నది కాదు. రోగి ఆ పనిలోకి ఎంతవరకు దిగాడు, ఎంత దాపరికం లేకుండా మాట్లాడాడు, చెప్పిన పని తనదనుకుని చేశాడా లేదా అన్నది. మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

అదే ప్రయోగంలోని మాత్రల గుంపులను పదేళ్ల తర్వాత ఇంకో బృందం తిరగేసింది. మాత్ర రకం వల్ల వచ్చిన తేడా కంటే, ఆ మాత్ర ఏ సైకియాట్రిస్ట్ చేతి మీదుగా వెళ్లిందన్నదాని వల్ల వచ్చిన తేడా పెద్దదిగా కనిపించింది. బాగా ఫలితాలు తెచ్చిన డాక్టర్లు ఉత్తి మాత్రతో సాధించింది, వెనకబడిన డాక్టర్లు అసలు మందుతో సాధించలేకపోయారు. డాక్టర్లు తొమ్మిది మందే కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోకూడదు. అయినా ‘హస్తవాసి’ అనే మాట మనవాళ్లు ఊరికే పుట్టించలేదని నాకనిపిస్తుంది.

మరి వేర్వేరు పద్ధతులు ఒకే చోటికి ఎందుకు చేరతాయి? జెరోమ్ ఫ్రాంక్ అనే సైకియాట్రిస్ట్ 1961లో చెప్పిన వివరణ నాకిప్పటికీ నచ్చుతుంది. థెరపీకి వచ్చేవాళ్ల రోగం ఏదైనా, ‘ఇక నా వల్ల కాదు’ అనే చోట అందరూ ఒకలాగే ఆగిపోయి ఉంటారు. అక్కడినుంచి లేపడానికి నాలుగు కావాలంటాడు: నమ్మి చెప్పుకోగలిగిన ఒక మనిషి, నయం చేసే చోటని తోచే ఒక ప్రదేశం, ‘నీకిది ఇందువల్ల వచ్చింది’ అని మనసుకి పట్టే ఒక వివరణ, ఆ వివరణకి తగ్గట్టు ఇద్దరూ కలిసి చేసే ఒక పని. సీబీటీలో ఈ నాలుగూ ఉన్నాయి, ఇంటర్‌పర్సనల్‌లోనూ ఉన్నాయి. ఆ మాటకొస్తే సోదెలో, తాయెత్తులో కూడా చాలావరకు ఉన్నాయి. ఈ పోలిక రాసింది ఫ్రాంకే, నేను కల్పించింది కాదు.

వివరణ ఏదన్నది కంటే అది పట్టడం ముఖ్యమని 1996లో నీల్ జేకబ్సన్ చేసిన ప్రయోగం చూస్తే తెలుస్తుంది. ఆయన సీబీటీని ముక్కలుగా విడదీశాడు. డిప్రెషన్‌లో ఉన్న 150 మందిలో కొందరికి పూర్తి సీబీటీ ఇచ్చాడు. కొందరి దగ్గర లోతైన నమ్మకాల జోలికి పోలేదు. ఇంకొందరికి ఆలోచనల ఊసే ఎత్తకుండా, రోజులో ఏ పనులు ఎప్పుడు చేయాలో రాసుకుని చేయడం ఒక్కటే మిగిల్చాడు. ఆ ఒక్క ముక్క మిగిలినవాళ్లు కూడా పూర్తి వైద్యం అందుకున్నవాళ్లతో సమానంగా కోలుకున్నారు. ఆలోచనలు సరిచేయడమే అసలు మందని నమ్మే నాలాంటివాళ్లకి అది చేదు గుళికే.

ఇప్పుడు సంబంధం సంగతి. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే ఆయన దీన్ని మూడు భాగాలు చేశాడు. ఈ రోజుకీ మేం వాడే ప్రశ్నావళులు ఆ మూడింటి మీదే నిలబడ్డాయి. ఏం సాధించాలన్నదాని మీద ఇద్దరికీ ఒప్పందం ఉందా? దానికోసం సెషన్‌లోనూ ఇంటి దగ్గరా చేస్తున్న పని అర్థవంతంగా తోస్తోందా? ఒకరి మీద ఒకరికి నమ్మకం, గౌరవం ఉన్నాయా? మూడూ కలిస్తేనే సంబంధం. మీరు ‘బాగానే ఉంది’ అన్నది మూడోదాని గురించి మాత్రమే. మొదటి రెండింటి గురించి మీ ప్రశ్నలో ఒక్క మాట లేదు. నాలుగు నెలల తర్వాత మీకేం కావాలో ఆవిడకి తెలుసా? మంగళవారం సెషన్ అయితే బుధవారం నుంచి సోమవారం దాకా మీరేం చేస్తున్నారు?

నా పొరపాటు చెబుతానన్నాను కదా. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఇరవై ఆరేళ్ల కుర్రాడిని వాళ్ల నాన్న నా దగ్గరికి తీసుకొచ్చాడు. రెండుసార్లు రాసి పోయింది, ఆ తర్వాత మంచం దిగడం మానేశాడు. డిప్రెషన్ తీవ్రత చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటాం. సున్నా నుంచి 27 వరకు వేస్తాం, ఎక్కువైతే బాధ ఎక్కువని. అతనికి 17 వచ్చింది. నేను సీబీటీ మొదలుపెట్టి ఆలోచనల పట్టిక ఇచ్చాను. ఏం జరిగింది, అప్పుడేం అనుకున్నాను, దానికి సాక్ష్యమేమిటి, ఇంకోలా ఎలా అనుకోవచ్చు అని నింపాలి. ప్రతి వారం ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుకొచ్చేవాడు. ఏం చెప్పినా ‘సరే సార్’. టైముకి వచ్చేవాడు, దణ్ణం పెట్టి వెళ్లేవాడు. ఇంత మంచి పేషెంట్ దొరకడం నా అదృష్టమనుకున్నాను. ఐదు వారాల తర్వాత ఫారం నింపిస్తే 16.

నేనేం చేశానంటే, ఇంకో పట్టిక ఇచ్చాను. వివరంగా రాయమన్నాను. పద్ధతి పనిచేయనప్పుడు ఇంకాస్త గట్టిగా అదే పద్ధతి పట్టుకోవడం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు. లూయీ కాస్టన్‌గే బృందం 1996లో సరిగ్గా దీన్నే చూపించింది: సంబంధం బెసికినప్పుడు దాని సంగతి మాట్లాడకుండా, ‘మీ ఆలోచనే తప్పు, ఈ పట్టికలో చూడండి’ అంటూ టెక్నిక్‌ని బిగించిన థెరపిస్టుల రోగులు తక్కువ బాగుపడ్డారు. అది చదివి ఉన్నాను కూడా. చదవడం వేరు, గదిలో కూర్చున్నప్పుడు గుర్తుకు రావడం వేరు.

ఏడో సెషన్‌లో పట్టిక మూసి పక్కన పెట్టి అడిగాను. ‘ఇవన్నీ నువ్వు నా కోసం నింపుతున్నట్టుంది. నిజం చెప్పు, దీనివల్ల నీకేమైనా అవుతోందా?’ చాలాసేపు నేల చూశాడు. తర్వాత అన్నాడు: ‘సార్, ఏమీ అనుకోకండి. మా నాన్న కూడా ఇదే అంటాడు, నువ్వు ఆలోచించే తీరే తప్పురా అని.’

అంతవరకు నాకు తట్టలేదు. ఆ పట్టిక అతని చేతిలో వైద్యంలా కాదు, నాన్న మాటలా ఉంది. లక్ష్యం కూడా అతనిది కాదు. మొదటి రోజు ‘మళ్లీ చదువులో పడేలా చేయండి’ అన్నది వాళ్ల నాన్న, రాసుకున్నది నేను. మన దగ్గర ఇది రోజూ జరుగుతుంది. ఫీజు కట్టేవారు ఒకరు, కుర్చీలో కూర్చునేవారు ఇంకొకరు. పైగా పెద్దవాళ్ల ముందు, డాక్టరు ముందు కాదనడం మనకి అలవాటు లేదు. థెరపిస్టులతో వాదనకి దిగే రోగుల వల్ల వచ్చే చిక్కు కంటికి కనబడుతుంది. ‘సరే సార్’ అంటూ లోపల్లోపల తప్పుకునేవాళ్ల చిక్కు కనబడదు. జెరెమీ సాఫ్రన్, క్రిస్టఫర్ మురాన్ ఈ రెండింటినీ విడదీసి చూపించారు. మన దగ్గర నేను చూసేది ఎక్కువగా రెండో రకమే.

‘నాదే తప్పు, నిన్ను అడగకుండా మొదలుపెట్టాను, నీకేం కావాలి?’ అన్నాను. నిద్ర పట్టాలన్నాడు, పగలు ఆ గదిలో ఉండలేకపోతున్నానన్నాడు. పట్టికలు ఆపేశాం. వాళ్ల మేనమామకి సెల్ రిపేర్ షాపుంది. రోజూ పొద్దున పదింటికల్లా అక్కడికి వెళ్లి రెండు గంటలు ఉండటం, తెల్లారి ఒకే టైముకి లేవడం, ఈ రెండే పని. మూడు వారాలకి 11, ఇంకో ఐదు వారాలకి 8. వాళ్ల నాన్నని ఒకసారి పిలిచి ఎందుకిలా చేస్తున్నామో చెప్పాల్సి వచ్చింది. ఆయనకి పెద్దగా నచ్చలేదు. ఇక్కడ పద్ధతి మారింది నిజమే, కానీ అది ఆ ఒక్క ప్రశ్న అడిగాక మారింది. అడగకుండా రెండో రోజే ‘షాపుకి వెళ్లు’ అని ఉంటే, దానికీ ‘సరే సార్’ అనేవాడు.

బాగుపడ్డవాడికి థెరపిస్ట్ నచ్చుతాడు కాబట్టి ఇదంతా తలకిందుల లెక్క కాదా అని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే, కొంత నిజం కూడా. 2018 నాటికి 295 పరిశోధనలు కలిపి చూస్తే, ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ బాగుపడటంలో ఉన్న తేడాలో దాదాపు 8 శాతం ఈ సంబంధంతో ముడిపడి ఉంది. ‘సంబంధమే సర్వం’ అనేంత పెద్దదేమీ కాదు. కానీ ఏ పద్ధతి ఎంచుకున్నారన్నదాని వల్ల వచ్చే తేడా అంతకంటే చిన్నది. 2007లో స్కాట్ బాల్డ్విన్ బృందం 80 మంది థెరపిస్టుల లెక్కలు తీసి ఈ ముడిని కొంత విప్పింది. ఒకే థెరపిస్ట్ దగ్గర ఒక రోగికి ఎక్కువ కుదిరి ఇంకొకరికి తక్కువ కుదరడం ఫలితాన్ని పెద్దగా మార్చలేదు. మొత్తం మీద ఎక్కువమందితో కుదుర్చుకోగలిగే థెరపిస్టుల దగ్గర రోగులు ఎక్కువ బాగుపడ్డారు. అంటే ఇది కొందరికి చేతనయ్యే, కొందరికి చేతకాని పని. నేర్చుకోదగ్గదే.

ఇక అమ్మమ్మ విషయం. 1979లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో హన్స్ స్ట్రప్, సుజాన్ హ్యాడ్లీ అచ్చం మీ ప్రశ్నే వేసుకున్నారు. దిగులుగా ఉన్న కాలేజీ కుర్రాళ్లలో కొందరిని అనుభవమున్న థెరపిస్టుల దగ్గరికి, కొందరిని మంచి మనసున్న లెక్చరర్ల దగ్గరికి పంపారు. సగటున ఇద్దరి ఫలితాలూ సమానంగా వచ్చాయి. మా వృత్తి పరువు పోయిందని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. కానీ అవి మరీ ముదిరిన కేసులు కావు, ఆ లెక్చరర్లూ ఎవరో దారినపోయేవాళ్లు కారు, కుర్రాళ్లు నమ్మకంగా మాట్లాడుకోగలరని ఏరి పెట్టినవాళ్లు.

నాకు మాత్రం గోవా ప్రయోగం ఎక్కువ నచ్చుతుంది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ఒకరో ఇద్దరో కాదు, గట్టి డిప్రెషన్ ఉన్న దాదాపు 500 మందిలో సగం మందికి వాళ్ల చేత ఆరు నుంచి ఎనిమిది సెషన్లు ఇప్పించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకి వాళ్లు చూసినవాళ్లలో 64 శాతం మంది, మామూలు వైద్యం మాత్రమే అందుకున్నవాళ్లలో 39 శాతం మంది డిప్రెషన్ గీత దాటి బయటపడ్డారు. డిగ్రీ లేకపోయినా సాధ్యమైంది. కానీ వాళ్లు ఊరికే వినలేదు. జేకబ్సన్ మిగిల్చిన ఆ ముక్కనే, రోజువారీ పనులు రాసుకుని చేయించడాన్నే వాళ్లకి నేర్పారు. వాళ్ల సెషన్ల రికార్డింగులు విని తప్పొప్పులు చెప్పేవాళ్లున్నారు. మీ అమ్మమ్మ ప్రేమ మూడో భాగాన్ని నింపుతుంది, మొదటి రెండింటినీ ఆమె నెత్తిన పెట్టడం న్యాయం కాదు. పైగా ఆమె మీ ఇంటి గొడవల్లో ఒక పక్షం.

‘పద్ధతి ఏదైనా ఒకటే’ అన్నది చెల్లని చోట్లున్నాయి. మీది డిప్రెషన్ కాబట్టి అది చాలావరకు చెల్లుతుంది. కానీ వద్దనుకున్నా చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీతో వచ్చినవాళ్లకి, భయపడే దాన్ని ముట్టుకునేలా చేసి, చేతులు కడగకుండా ఆపే అభ్యాసం చేయించకుండా సంవత్సరాల తరబడి చిన్ననాటి కబుర్లు చెప్పించడం అన్యాయం. బాగా స్పష్టమైన ఉదాహరణ డెన్మార్క్‌లో ఉంది. అదుపు లేకుండా తిని కక్కుకునే బులీమియా ఉన్న 70 మందిలో కొందరికి రెండేళ్లపాటు వారం వారం, మనసు లోతుల్ని తవ్వి చూసే మనోవిశ్లేషణ, కొందరికి ఐదు నెలల్లో 20 సీబీటీ సెషన్లు. ఐదో నెలకి సీబీటీలో 42 శాతం మందికి ఆ అలవాటు ఆగింది, విశ్లేషణలో 6 శాతం మందికి. రెండేళ్లు పూర్తయ్యాక కూడా 44 శాతం, 15 శాతం. 2014లో దీన్ని ప్రకటించిన ముఖ్య పరిశోధకులు విశ్లేషణ వైపువాళ్లే. తమకి ఇష్టమైన పద్ధతి ఓడిపోయిందని తామే అచ్చేసుకున్నారు. ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి.

మీరు చేయాల్సింది ఇప్పుడు చెబుతాను. థెరపిస్ట్‌ని మార్చకముందు, వచ్చే సెషన్ మొదటి పది నిమిషాల్లో ఆవిడతో ఇలా అనండి: ‘మేడమ్, మీతో మాట్లాడటం నాకు బాగుంటుంది, కానీ నాలుగు నెలల్లో నా రోజు మారలేదు. మనం దేనికోసం పనిచేస్తున్నామో, అది వస్తోందో లేదో ఎలా తెలుస్తుందో ఒకసారి రాసుకుందామా?’ ఆవిడ బాధపడుతుందేమోనని మీరు ఆగుతున్నారని నా అంచనా. చెప్పకపోతే ఆవిడకి తెలిసే అవకాశం నిజంగానే తక్కువ. ఒక పరిశోధనలో థెరపిస్టులని, 550 మంది రోగుల్లో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందే చెప్పమంటే ముగ్గురిని చూపించారు, దిగజారింది 40 మంది. ఆ ముగ్గురిలోనూ సరిపోయింది ఒక్కరే. మేం మంచివాళ్లమే కావచ్చు, మా కళ్లు మాత్రం ఈ విషయంలో అంతే.

అప్పుడు ఆవిడ ఏం చేస్తుందో చూడండి. కాసేపు ఆలోచించి, ‘చెప్పడం మంచిదైంది’ అని కాగితం తీసి ముందుకి జరిగితే ఉండండి, ఇన్నాళ్ల నమ్మకం ఇప్పుడు పనికొస్తుంది. ‘మీలో మార్పుకి ప్రతిఘటన ఉంది’ అని తప్పంతా మీ వైపు తోసినా, నవ్వి వేరే మాటలోకి వెళ్లిపోయినా గుర్తుపెట్టుకోండి. పీహెచ్‌క్యూ-9 ఆ రోజే నింపండి, రెండు వారాలకోసారి నింపుతూ పోండి. ఐదు పాయింట్లు తగ్గితే నిజమైన మార్పు కింద లెక్క. రాసుకున్న పని చేస్తూ ఇంకో ఆరు వారాలు గడిచినా అంకె కదలకపోతే వేరే థెరపిస్ట్‌ని చూడండి, ఒక సైకియాట్రిస్ట్‌ని కూడా కలిసి మందు అవసరమా అని అడగండి. ఆ ఫారంలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకుండా ఏ అంకె వేసినా సెషన్ దాకా ఆగొద్దు, ఆ రోజే ఆవిడకి ఫోన్ చేయండి, దొరక్కపోతే టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఆవిడ ఏమందో వీలైతే ఇక్కడే రాయండి.